అతిమధురం, మెంతులు: గర్భిణికీ బాలింతకూ హద్దు ఎక్కడ మొదలవుతుంది

గర్భిణులు వాడకూడని మూలికల జాబితాలు ఎన్నో కనిపిస్తాయి. అయితే వాటిలో చాలా జాబితాలు మూలిక పేరు చెప్పి ఊరుకుంటాయి. ఎంత మోతాదులో, ఏ రూపంలో, ఏ నెలలో ప్రమాదమన్నది అవి చెప్పవు. ఆ మూడూ తెలియకపోతే కూరలో వేసిన చిటికెడు పొడికి భయపడి, రోజుకు మూడుసార్లు మింగే సాంద్ర సారపు గుళికను నిశ్చింతగా వాడే పరిస్థితి వస్తుంది. ఒకే మొక్క ఆకుగా, కషాయంగా, సారపు గుళికగా, తైలంగా మారినకొద్దీ అందులోని క్రియాశీల పదార్థం పాళ్లు అనేక రెట్లు మారిపోతాయి. ఈ తేడాను అర్థం చేసుకోవడానికి రెండు మూలికలను కొంచెం లోతుగా చూడటం మేలు. ఒకటి గర్భిణి దగ్గుకో కడుపు మంటకో వాడే అతిమధురం. రెండోది పాలు పెరగడానికి బాలింత వాడే మెంతులు.

అతిమధురం వేరుకు తీపినిచ్చే పదార్థం పేరు గ్లైసిరైజిన్. ఇది చక్కెర కంటే ఎన్నో రెట్లు తియ్యగా ఉంటుంది. అయితే దాని అసలు ప్రభావం నాలుక మీద కాదు, ఒక ఎంజైమ్ మీద. మన శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను ఉంటుంది. ఒత్తిడిని తట్టుకోవడానికీ, రక్తపోటునూ చక్కెరనూ నిలబెట్టడానికీ అది అవసరం. గర్భం పెరిగేకొద్దీ తల్లి రక్తంలో దాని మోతాదు కూడా పెరుగుతుంది, గర్భస్థ శిశువు రక్తంలో ఉన్నదానికంటే అది చాలా ఎక్కువ. అంత కార్టిసాల్ నేరుగా శిశువుకు చేరితే ఎదుగుదల దెబ్బతింటుంది కాబట్టి, మాయలో ఉండే ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. తల్లి వైపు నుంచి వచ్చే కార్టిసాల్‌లో అధిక భాగాన్ని అది నిష్క్రియమైన కార్టిసోన్‌గా మార్చేస్తుంది. గ్లైసిరైజిన్ శరీరంలో విడిపోయి ఏర్పడే పదార్థం సరిగ్గా ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. కాపలా సడలితే తల్లి హార్మోను శిశువు వైపు ఎక్కువగా దాటుతుంది.

ఇదే ఎంజైమ్ తల్లి మూత్రపిండాలలోనూ ఉంటుంది. ఉప్పును పట్టి ఉంచే హార్మోను కోసం ఏర్పడిన గ్రాహకాలకు కార్టిసాల్ అంటుకోకుండా అక్కడ అది అడ్డుపడుతుంది. ఆ అడ్డు తొలగితే మూత్రపిండాలు సోడియంను, దానితో నీటిని నిలుపుకుని పొటాషియంను బయటకు పంపేస్తాయి. ఫలితంగా రక్తపోటు పెరుగుతుంది, కాళ్లు, ముఖం ఉబ్బుతాయి, కండరాలు నీరసించి పట్టేస్తాయి, గుండె దడ కనిపిస్తుంది. అతిమధురం మోతాదు మించినవారిలో వైద్యులు చూసే లక్షణాలు ఇవే.

శిశువు మీద ప్రభావం గురించి మనకు తెలిసినదానిలో ముఖ్య భాగం ఫిన్లాండ్ నుంచి వచ్చింది. అక్కడ అతిమధురంతో చేసిన మిఠాయి విరివిగా తింటారు. 1998లో హెల్సింకిలో ప్రసవించిన తల్లులను గర్భంతో ఉండగా ఎంత తిన్నారో అడిగి, వారానికి ఎన్ని మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ తీసుకున్నారో పరిశోధకులు లెక్కగట్టారు. వారానికి 500 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి తీసుకున్నవారిలో 38 వారాలకు ముందే ప్రసవం కావడం ఎక్కువగా కనిపించింది. తర్వాత ఆ పిల్లలలో కొందరిని పన్నెండున్నరేళ్ల వయసు దగ్గర మళ్లీ పరీక్షించారు. 2017లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఎక్కువ గ్లైసిరైజిన్ తీసుకున్న తల్లుల పిల్లలకు మేధా పరీక్షలలో సగటున 7 పాయింట్ల వరకు తక్కువ వచ్చాయి. శ్రద్ధ నిలపలేకపోవడం వంటి సమస్యలూ వారిలో ఎక్కువగా కనిపించాయి.

ఈ ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పాలి. ఇది తల్లులను రెండు గుంపులుగా చేసి ఒక గుంపుకు అతిమధురం ఇచ్చి చూసిన ప్రయోగం కాదు. అలాంటి ప్రయోగం చేయడం న్యాయమూ కాదు. ఎక్కువ తిన్న తల్లులకూ తక్కువ తిన్నవారికీ మధ్య ఇతర తేడాలు ఉండి ఉండవచ్చు. పరిశోధకులు వాటిలో చాలావాటిని లెక్కలోకి తీసుకున్నారు, అన్నింటినీ తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా ఎంజైమ్ పనితీరు ముందే తెలిసిన విషయం, పిల్లలలో కనిపించిన ఫలితం దానికి పొంతన కుదురుతోంది. ఫిన్లాండ్ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించిన ఆహార సూచనలలో, గర్భిణులు అతిమధురాన్ని ఎక్కువ మొత్తంలో తీసుకోవద్దని చేర్చింది. మానుకుంటే తల్లికి పోయేదేమీ లేని పదార్థం విషయంలో ఈ మాత్రం సాక్ష్యం చాలునని ఈ వ్యాసం అభిప్రాయం.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని లెక్క చూద్దాం. ఒక గర్భిణికి ఆరో నెల. పొడి దగ్గు వదలడం లేదు, మందులు వాడటానికి జంకుతోంది. అతిమధురం పొడిని అర చెంచా చొప్పున రోజుకు రెండుసార్లు వేడినీటిలో కలుపుకుని తాగుతోంది. అర చెంచా అంటే సుమారు ఒకటిన్నర గ్రాములు, రోజుకు మూడు గ్రాములు. వేరులో గ్లైసిరైజిన్ పాళ్లు నేలను బట్టి, రకాన్ని బట్టి, వేరు వయసును బట్టి విపరీతంగా మారుతాయి. నూటికి నాలుగు పాళ్లు అనుకుంటే రోజుకు 120 మిల్లీగ్రాములు అవుతుంది. అయిదు రోజులకు 600. హెల్సింకి అధ్యయనంలో ఎక్కువ అని లెక్కించిన వారపు మొత్తాన్ని ఆమె అయిదో రోజుకే దాటేసింది. అదే వేరులో నూటికి పది పాళ్లు ఉంటే రోజుకు 300 మిల్లీగ్రాములు, రెండో రోజుకే ఆ మొత్తం మించిపోతుంది. ఐరోపా ఆహార శాస్త్ర సంఘం 2003లో ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాములను పై హద్దుగా సూచించింది. గర్భిణి కోసం నిర్ణయించిన హద్దు కాదది.

ఈ లెక్కతో ఆమె భయపడిపోవాలా? అక్కరలేదు. హెల్సింకి తల్లులలో చూసినది గర్భకాలమంతటా కొనసాగిన అలవాటు, ఒక వారం దగ్గు కోసం తాగినది కాదు. అయిదు రోజులు తాగిన తల్లి చేయవలసిన పని మానేయడం, రక్తపోటు చూపించుకోవడం, తర్వాతి పరీక్షలో వైద్యులకు ఆ విషయం చెప్పడం. ఆగిన వెంటనే ప్రభావం పోదు. ఎంజైమ్ తేరుకోవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు పట్టవచ్చు కాబట్టి ఒక్క రోజు రక్తపోటు బాగుందని నిశ్చింతగా ఉండరాదు.

ఇక్కడ తప్పుదోవ పట్టించే సంగతి ఒకటుంది. గర్భం 20 వారాలు దాటాక రక్తపోటు 140/90కి చేరడం, తలనొప్పి, ముఖం ఉబ్బడం అనేవి గుర్రపు వాతానికి దారితీసే ప్రీఎక్లాంప్సియా లక్షణాలు కూడా. లక్షణాలను బట్టి ఇది అతిమధురం వల్ల వచ్చిందా, ఆ జబ్బా అని ఇంట్లో తేల్చడం వీలు కాదు. ప్రయోగశాలలో మాత్రం కొంత తేడా తెలుస్తుంది. అతిమధురం ప్రభావంలో రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 మిల్లీమోల్స్ కంటే కిందికి దిగవచ్చు, ప్రీఎక్లాంప్సియాలో సాధారణంగా మూత్రంలో మాంసకృత్తులు కనిపిస్తాయి, కాలేయం, రక్తఫలకాల పరీక్షలు మారతాయి. కాబట్టి ఈ లక్షణాలు కనిపించిన గర్భిణి అతిమధురం మానేసి తగ్గుతుందేమోనని ఎదురుచూడకుండా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి తాను ఏమి తాగుతోందో చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే పొటాషియం ఎందుకు తగ్గిందో తెలియక వైద్యులు వేరే కారణాలు వెతుకుతారు.

అతిమధురం పేరు లేని చోట కూడా అతిమధురం ఉంటుంది. దగ్గు సిరప్‌లలో, గొంతు బిళ్లలలో, మూలికల టీ పొడులలో, చేదు మందులకు తీపినిచ్చే మిశ్రమాలలో ఇది తరచూ కలుస్తుంది. సీసా మీద యష్టిమధు, ములేఠీ, గ్లైసిరైజా గ్లాబ్రా అన్న మాటలలో ఏది కనిపించినా అది ఇదే. గ్లైసిరైజిన్ తొలగించిన సారం కూడా దొరుకుతుంది. దానికి ఎంజైమ్ ప్రభావం చాలా తక్కువ. అయితే ఆ మాట సీసా మీద స్పష్టంగా లేనప్పుడు మామూలు అతిమధురమే అనుకోవడం క్షేమం.

ప్రసవం అయ్యాక మాయ ఉండదు కాబట్టి శిశువుకు సంబంధించిన ఆ మొదటి ఆందోళన తొలగుతుంది. తల్లి మూత్రపిండాల సంగతి మాత్రం మారదు. ప్రీఎక్లాంప్సియా ప్రసవం తర్వాత ఆరు వారాలలోపు కూడా మొదలు కావచ్చు. గర్భంలో రక్తపోటు పెరిగిన తల్లి బాలింతగా ఉన్న ఆ వారాలలోనూ అతిమధురానికి దూరంగా ఉండాలి.

మెంతుల విషయం దీనికి భిన్నంగా ఉంటుంది. ఇక్కడ హార్మోను కాపలా లేదు, ఉన్నది మోతాదు ప్రశ్న. వంటలో వేసే కొద్ది మెంతులు గర్భిణికి ఇబ్బంది కలిగించవు. గ్రాముల లెక్కన మింగే పొడి, గుళికలు వేరు. ఆ మోతాదులో మెంతులు రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి, జంతువులలో చేసిన పరీక్షలలో గర్భాశయ కండరాన్ని ప్రేరేపించాయి. అందువల్ల గర్భిణికి మందు మోతాదు మెంతులు సిఫారసు చేయరు. మధుమేహానికి మందు వాడుతున్న గర్భిణి విషయంలో ఆ చక్కెర తగ్గుదల నేరుగా ప్రమాదం.

ప్రసవానికి కొద్ది ముందు మెంతులు ఎక్కువగా తీసుకున్న తల్లులకు పుట్టిన పిల్లల విషయంలో ఒక విచిత్రమైన పొరపాటు నమోదైంది. మెంతులలో సోటోలోన్ అనే సువాసన పదార్థం ఉంది. అది తల్లి చెమటలో, మూత్రంలో, పాలలో, పుట్టిన బిడ్డ మూత్రంలో కూడా కాచిన తీపిపాకం వాసనతో బయటపడుతుంది. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జీవక్రియ లోపంలో బిడ్డ మూత్రానికి సరిగ్గా ఇలాంటి వాసనే వస్తుంది. తల్లి మెంతుల సంగతి చెప్పనందువల్ల ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ జబ్బు ఉందేమోనని అనుమానించిన సందర్భాలున్నాయి. తాము మెంతులు తీసుకున్నామని చెప్పడం ఇక్కడ అనవసరపు పరీక్షలను, అంతకు మించిన దిగులును తప్పిస్తుంది. అయితే చెప్పాక కూడా వైద్యులు ఆ పరీక్ష చేయిస్తామంటే వద్దనకూడదు, వాసన ఒక్కటే అయినప్పుడు రెండింటినీ వేరు చేసేది పరీక్షే.

పాలు పెరగడానికి మెంతులు వాడే తల్లులలో సాధారణంగా కనిపించే మోతాదు రోజుకు ఒకటి నుంచి ఆరు గ్రాములు. వాటితో పాలు పెరుగుతాయని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి, మరికొన్ని తేడా లేదన్నాయి. అందువల్ల వైద్య నిపుణుల సంఘాలు దీన్ని మొదటి మార్గంగా సూచించవు. ఈ మోతాదులో తల్లికి, కొన్నిసార్లు బిడ్డకు కూడా విరేచనాలు, కడుపుబ్బరం రావచ్చు. వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందు వాడేవారిలో రక్తస్రావపు ముప్పు పెరుగుతుంది. మెంతి చిక్కుడు జాతి మొక్క. వేరుశనగ, శనగలు పడని తల్లికి మెంతులు కూడా పడకపోవచ్చు. దద్దుర్లు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపి చికిత్స తీసుకోవాలి.

అయితే మెంతుల వల్ల జరిగే పెద్ద నష్టం ఈ దుష్ప్రభావాలు కాదు, ఆలస్యం. పన్నెండు రోజుల బిడ్డ తల్లిని తీసుకోండి. బిడ్డ రాత్రిళ్లు ఏడుస్తోంది, రొమ్ములు మొదటి వారంలోలా గట్టిగా లేవు, పాలు చాలడం లేదని ఆమె నిశ్చయించుకుని మెంతుల గుళికలు మొదలుపెట్టింది. రొమ్ములు మెత్తబడటం రెండో వారంలో సహజం. పాలు తగ్గాయనడానికి అది గుర్తు కాదు. చూడవలసినవి వేరే ఉన్నాయి. అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తోందా, పుట్టినప్పటి బరువును పది నుంచి పద్నాలుగు రోజులకు తిరిగి అందుకుందా, ఆ తర్వాత రోజుకు ఇరవై నుంచి ముప్ఫై గ్రాముల చొప్పున పెరుగుతోందా అన్నవి. ఇవి సరిగ్గా ఉంటే పాలు చాలుతున్నాయి, మెంతులతో పని లేదు.

ఇవి సరిగ్గా లేకపోతే మెంతులతో సమయం గడపడం మరింత చేటు. పాలు ఖాళీ అయినకొద్దీ ఊరుతాయి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు బిడ్డ సరిగ్గా నోటబట్టి తాగకపోతే ఏ మూలికా పాలను పెంచలేదు. బిడ్డ నోటబట్టే తీరును చూడగల వారికి ఒక్కసారి చూపించడం నెల రోజుల గుళికలకంటే మేలు. మరోవైపు గర్భాశయంలో మాయ ముక్క మిగిలిపోతే ప్రొజెస్టిరోన్ అనే హార్మోను తగ్గక పాలు సరిగ్గా పడకపోవచ్చు. ప్రసవంలో ఎక్కువ రక్తం పోవడం, థైరాయిడ్ లోపం కూడా పాలు తగ్గడానికి కారణాలే. ఇవి వైద్యంతో సరయ్యేవి. మెంతులు పని చేస్తాయేమోనని రెండు వారాలు చూసిన తల్లి ఆ రెండు వారాలు బిడ్డ బరువును పోగొట్టుకుంటుంది.

మిగతా మూలికలలో కొన్నింటిని గుర్తుపెట్టుకుంటే చాలు. కలబంద గుజ్జును చర్మానికి రాయడం సమస్య కాదు. ఆకు తొక్క కింద ఉండే పసుపుపచ్చని చేదు రసం మాత్రం బలమైన విరేచనకారి, గర్భిణి దాన్ని లోపలికి తీసుకోకూడదు. ఇంట్లో గీసిన గుజ్జులో ఆ రసం ఎంత కలిసిందో చెప్పలేం కాబట్టి కలబంద రసం తాగకపోవడమే క్షేమం. అశ్వగంధ కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు, థైరాయిడ్‌ను మార్చిన సందర్భాలు నమోదయ్యాయి. గర్భిణికీ బాలింతకూ దాన్ని వద్దంటారు. ప్రసవం త్వరగా కావాలని వాడే బ్లూ కోహోష్ తీసుకున్న తల్లికి పుట్టిన శిశువులో గుండె విఫలమైన ఉదంతం 1998లో వైద్య పత్రికలో వచ్చింది, అది ఏ దశలోనూ వద్దు. చనుమొనల పగుళ్లకు కామ్‌ఫ్రే కలిసిన లేపనాలు అమ్ముతారు. ఆ మొక్కలో కాలేయానికి విషమైన ఆల్కలాయిడ్లు ఉంటాయి, బిడ్డ నోటికి చేరే చోట దాన్ని రాయరాదు. పుదీనా సారమైన మెంథాల్‌ను పసిబిడ్డ ముక్కు దగ్గర రాస్తే ఊపిరి ఆడక ఇబ్బంది పడవచ్చు. అల్లం మాత్రం ఈ వరుసలో మినహాయింపు. వేవిళ్లకు రోజుకు ఒక గ్రాము వరకు ఎండు అల్లాన్ని మూడు నాలుగు విడతలుగా తీసుకోవచ్చునని అధ్యయనాలు చూపుతున్నాయి. కడుపు మంట ఉన్నవారు, రక్తం పలుచన చేసే మందులు వాడేవారు అడిగి వాడాలి.

మూలిక ఏదైనా, దాని పేరుతో అమ్మే పొడిలో ఆ మూలిక ఒక్కటే ఉందన్న హామీ ఉండదు. న్యూయార్క్ నగరంలో 2011, 2012 సంవత్సరాలలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. వాళ్లంతా ఆయుర్వేద మందులు వాడినవారు. రక్తంలో సీసం డెసిలీటరుకు 16 నుంచి 64 మైక్రోగ్రాముల వరకు ఉంది. గర్భిణికి 5కు చేరినా కారణం వెతికి వెంటబడి చూడాలని 2010 నాటి అమెరికా వైద్య సూచనలు చెప్పాయి. కొన్ని మందులలో సీసం కల్తీగా కాక, తయారీలో భాగంగానే కలుస్తుంది. భస్మం అన్న పేరుతో వచ్చేవాటిలో లోహం ఉద్దేశపూర్వకంగా చేర్చినదే కావచ్చు. సీసం రుచికి, వాసనకు తెలియదు, మొదట్లో నీరసం, మలబద్ధకం, కడుపునొప్పి తప్ప గుర్తులు ఉండవు, ఇవన్నీ గర్భిణికి మామూలుగా వచ్చేవే. పైగా శరీరంలో చేరిన సీసం ఎముకలలో నిలవ ఉంటుంది. గర్భంలోనూ, పాలిచ్చే నెలలలోనూ శిశువు కోసం తల్లి ఎముకల నుంచి కాల్షియం కరిగేటప్పుడు దానితో పాటు ఆ సీసం కూడా రక్తంలోకి వస్తుంది. అందుకే భస్మాలు, కూర్పు తెలియని పొడులు నెలల తరబడి వాడిన తల్లి వాటిని ఎప్పుడో మానేసినా, ఆ విషయం వైద్యులకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ పొట్లాన్ని లేదా సీసాను కూడా వెంట తీసుకెళితే అందులో ఏముందో ప్రయోగశాలలో చూడటానికి వీలవుతుంది.